అంచులు మాత్రమే తాకిన ఇంటర్వల్స్‌ను కలపాలా, వద్దా? – తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మా ల్యాబ్‌కు వచ్చే విద్యార్థులు ఇంటర్వల్స్‌ను కలిపే లెక్క దగ్గర ఏటా అవే సందేహాలు అడుగుతారు. కోడ్ పది పంక్తులు కూడా ఉండదు. అయినా అందులోని `<=` గుర్తు దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ వాదన మొదలవుతుంది. ఎవరికి ఏ దశలో సందేహం వస్తే అక్కడి జవాబు మాత్రమే చదువుకోగలిగేలా ప్రశ్నలను వారి మాటల్లోనే ఉంచాను. ఉదాహరణలు చాలావరకు బోరు మోటార్ల సమయాలే. మన ప్రాంతంలో వాటిని వివరించవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

## మొదలుపెట్టే ముందు

అసలు ఇంటర్వల్ అంటే ఏమిటి సార్? లెక్కల పుస్తకంలోని అంతరమేనా?

అదే. ఒక మొదలు, ఒక చివర ఉన్న ముక్కను ఇంటర్వల్ అంటాము. ఉదయం 6:00 నుంచి 7:30 వరకు మోటారు నడిచింది అన్నది ఒక ఇంటర్వల్. కాలువ మీద 12,400 మీటర్ల నుంచి 13,100 మీటర్ల వరకు మరమ్మతు జరిగింది అన్నది మరొకటి. తెలుగు గణిత పుస్తకాలు దీన్ని అంతరం అంటాయి. అయితే వాడుకలో అంతరం అంటే తేడా అనీ, ఎడం అనీ కూడా అర్థాలున్నాయి. రెండు ముక్కల మధ్య ఎడం ఉందా లేదా అన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న కనుక, తికమక రాకుండా ముక్కను ఇంటర్వల్ అనీ, మధ్యనున్న ఎడాన్ని ఖాళీ అనీ రాస్తున్నాను.

కలపడం ఎందుకు? అన్ని నిడివులూ కూడితే సరిపోదా?

ముక్కలు ఒకదాని మీదికి ఒకటి వచ్చినప్పుడు, అంటే అతివ్యాప్తి అయినప్పుడు, కూడిక ఎక్కువ చూపిస్తుంది. ఒక తోటలో మూడు బోర్ల నీరు ఒకే తొట్టిలో పడుతుందనుకుందాం. తొట్టిలోకి ఏదో ఒక బోరు నుంచి నీరు వస్తున్న సమయం మొత్తం ఎంత అన్నది మన ప్రశ్న. స్టార్టర్ల నుంచి వచ్చిన ఒక రోజు నమోదు ఇది:

```
బోరు 1   06:00 – 07:30
బోరు 2   07:00 – 08:15
బోరు 3   13:00 – 13:45
బోరు 1   08:15 – 09:00
బోరు 2   06:20 – 06:50
బోరు 3   09:01 – 10:00
```

నిడివులు కూడితే 344 నిమిషాలు వస్తాయి. కానీ 6:20 నుంచి 6:50 వరకు, మళ్లీ 7:00 నుంచి 7:30 వరకు రెండు బోర్లు కలిసి నడిచాయి కనుక ఆ 60 నిమిషాలు రెండుసార్లు లెక్కకు వచ్చాయి. తొట్టిలోకి నీరు వచ్చిన అసలు సమయం 284 నిమిషాలే. ముక్కలను కలిపిన తరువాత కూడితే ఈ సంఖ్య నేరుగా వస్తుంది.

"వరకు" అంటే ఆ చివర కలిసినట్టా, కలవనట్టా?

ఈ పేజీలోని ప్రశ్నల్లో ఎక్కువ భాగానికి మూలం ఈ మాటే. "12వ తేదీ నుంచి 15వ తేదీ వరకు సెలవు" అంటే 15వ తేదీ కూడా సెలవే. ఆ రోజు బడికి రమ్మంటే ఏ పిల్లవాడూ ఒప్పుకోడు. "పది గంటల వరకు కరెంటు ఉంటుంది" అంటే పదింటికి పోతుందని అర్థం. పదో గంటంతా ఉంటుందని ఎవరూ అనుకోరు. ఒకే మాట తేదీల దగ్గర చివరను కలుపుకుంటుంది, గడియారం దగ్గర కలుపుకోదు.

చివర కలిసిన ఇంటర్వల్‌ను `[12, 15]` అనీ, కలవనిదాన్ని `[6:00, 10:00)` అనీ రాస్తారు. గుండ్రటి బ్రాకెట్ ఉన్న వైపు అంచు ఇంటర్వల్‌కు చెందదు. మీ చేతిలోని డేటా ఈ రెండింటిలో ఏ రకమో తెలియకుండా కోడ్ మొదలుపెట్టవద్దు. నమోదు చేసినవారిని అడగడమే మంచి దారి. అది కుదరకపోతే ఒక ముక్క నిడివి ఎలా లెక్కకట్టారో చూడండి: 12 నుంచి 15 వరకు 4 అని ఉంటే చివర కలిసింది, 3 అని ఉంటే కలవలేదు.

డేటా ఎలా ఉంటే సార్ట్‌కు ఇవ్వవచ్చు?

మొదలు, చివర రెండూ సంఖ్యలుగా ఉండాలి. సమయాలను `"9:30"`, `"10:00"` అని అక్షరాలుగా ఉంచి సార్ట్ చేస్తే `"10:00"` ముందు వస్తుంది, ఎందుకంటే అక్షరాల పోలికలో `1` అనేది `9` కంటే చిన్నది. అర్ధరాత్రి నుంచి గడిచిన నిమిషాలుగా మార్చుకుంటే ఈ బాధ ఉండదు: 6:00 అంటే 360, 8:15 అంటే 495.

రాత్రి కరెంటుకు మోటారు వేసేవారి నమోదులో 23:00 – 01:00 వంటివి ఉంటాయి. వీటిలో చివర మొదలు కంటే చిన్నదిగా కనిపిస్తుంది. తేదీని కూడా కలిపి నిమిషాలుగా మార్చండి, లేదా అర్ధరాత్రి దగ్గర రెండు ముక్కలు చేయండి. ముక్కలు చేస్తే ఆ రెండూ అర్ధరాత్రి అంచున తాకుతూ ఉంటాయని, ఆ తాకిడి మీరు పుట్టించినదే కానీ మోటారు అక్కడ ఆగలేదని గుర్తుంచుకోండి.

## సార్ట్ చేసేటప్పుడు

మొదలును బట్టే ఎందుకు సార్ట్ చేయాలి?

మొదళ్ల క్రమంలో వస్తున్నప్పుడు, కొత్తగా వచ్చిన ముక్క అప్పటిదాకా చూసిన ఏ ముక్క కంటే కూడా ముందు మొదలుకాదు. కనుక అది ఇప్పటిదాకా తయారైన ఫలితంలోని ఆఖరి ముక్కతో మాత్రమే కలవగలదు. ఆఖరి ముక్క చివర 9:00 అయ్యి, కొత్తది 9:01కి మొదలైతే, ఆ తరువాత రాబోయేవన్నీ 9:01కి గానీ ఆపైన గానీ మొదలవుతాయి. 9:00 వరకు ఉన్న ముక్కను అవేవీ చేరలేవు. ఆ ముక్కను అక్కడితో మూసివేయవచ్చు. సార్ట్ మనకు ఇచ్చే హామీ ఇదే. అది లేకపోతే ప్రతి ముక్కనూ ప్రతి ముక్కతో పోల్చవలసి వస్తుంది.

చివరను బట్టి సార్ట్ చేస్తే తప్పా?

ఎడమ నుంచి కుడికి ఒకే చూపులో వెళ్లే కోడ్‌కు అది తప్పు. `[2,3]`, `[4,5]`, `[1,10]` తీసుకోండి. ఇవి చివరల క్రమంలోనే ఉన్నాయి. మొదటి రెండింటినీ విడివిడిగా మూసేశాక, ఆ రెండింటినీ మింగే మూడోది వస్తుంది. అప్పుడు ఫలితంలోకి వెనక్కి వెళ్లి ఒక్కొక్కటే తీసేయవలసి ఉంటుంది. చివరల క్రమంలో పెట్టి కుడి నుంచి ఎడమకు నడిస్తే సరిగానే వస్తుంది, అది అద్దంలో చూసిన అదే పద్ధతి. దానివల్ల అదనపు లాభమేమీ లేదు.

రెండు ముక్కల మొదలు ఒకటే అయితే ఏది ముందు రావాలి?

తాకినవాటిని కలిపే కోడ్‌లో, అంటే `<=` వాడినప్పుడు, ఏది ముందు వచ్చినా ఫలితం మారదు. రెండూ కలుస్తాయి, పెద్ద చివర నిలుస్తుంది. `<` వాడినప్పుడు మాత్రం ఒక ఇరుకు ఉంది. నిడివి సున్నా అయిన `[5,5]` ముందు వచ్చి, `[5,8]` తరువాత వస్తే `5 < 5` నిజం కాదు కనుక అవి విడిగా ఉండిపోతాయి. అవే తిరగబడి వస్తే `5 < 8` నిజమై కలిసిపోతాయి. ఒకే డేటాకు వరుసను బట్టి రెండు జవాబులు వస్తున్నాయంటే ముందుగా ఈ సున్నా నిడివి ముక్కల కోసం వెతకండి.

సీ ప్లస్ ప్లస్‌లో, జావాలో పోలిక రాసేటప్పుడు జాగ్రత్తలు ఉన్నాయా?

సీ ప్లస్ ప్లస్‌లో `std::sort`కు ఇచ్చే పోలికలో `<=` రాయకూడదు. సమానమైన రెండింటికి "ఇది ముందు" అని రెండు వైపులా నిజం చెబితే ప్రోగ్రాం ప్రవర్తనకు హామీ ఉండదు, కూలిపోవచ్చు కూడా. కలిపే చోట `<=` కావాలని విని, దాన్ని తీసుకెళ్లి సార్ట్ పోలికలో పెట్టిన విద్యార్థులను నేను చూశాను. ఈ రెండు చోట్లకూ ఏ సంబంధమూ లేదు. జావాలో `a[0] - b[0]` అని రాస్తే చాలా పెద్ద ధన, ఋణ సంఖ్యల దగ్గర తీసివేత పరిధి దాటి గుర్తు తిరగబడుతుంది, `Integer.compare(a[0], b[0])` రాయండి.

## కలిపేటప్పుడు

పూర్తి కోడ్ ఒకసారి చూపిస్తారా?

```python
def merge(intervals):
    out = []
    for s, e in sorted(intervals):
        if out and s <= out[-1][1]:
            out[-1][1] = max(out[-1][1], e)
        else:
            out.append([s, e])
    return out
```

ఇంతే. `out[-1]` అంటే ఫలితంలోని ఆఖరి ముక్క. కొత్త ముక్క మొదలు దాని చివరను దాటకపోతే సాగదీస్తాము, దాటితే కొత్త ముక్క తెరుస్తాము. సార్ట్‌కు `n log n` స్థాయి పని పడుతుంది, ఆపైన ఒకే ఒక్క చూపు.

మోటారు ఉదాహరణను అడుగడుగునా నడిపించండి.

మూడు బోర్లు, ఆరు నమోదులు ఉన్న తొట్టి లెక్క ఇది. సార్ట్ చేశాక వరుస ఇలా ఉంటుంది: 06:00–07:30, 06:20–06:50, 07:00–08:15, 08:15–09:00, 09:01–10:00, 13:00–13:45.

మొదటిది ఫలితంలో చేరుతుంది. రెండోది 6:20కి మొదలై 6:50కే ముగుస్తుంది, అంటే పూర్తిగా మొదటిదాని కడుపులోనే ఉంది; పెద్ద చివర 7:30 కనుక ఏమీ మారదు. మూడోది 7:00కి మొదలవుతుంది కాబట్టి ఆఖరి ముక్క 06:00–08:15 అవుతుంది. నాలుగోది సరిగ్గా 8:15కి మొదలవుతుంది. ఇక్కడ అతివ్యాప్తి లేదు, ఖాళీ కూడా లేదు. `<=` కనుక కలిసి 06:00–09:00 అయింది. ఐదోది 9:01కి మొదలవుతుంది, 9:00 దాటింది, కొత్త ముక్క. ఆరోది కూడా అంతే.

చివరికి 06:00–09:00, 09:01–10:00, 13:00–13:45 అని మూడు ముక్కలు మిగులుతాయి. నిడివులు 180, 59, 45. మొత్తం 284 నిమిషాలు.

`max` ఎందుకు? కొత్త ముక్క చివరనే పెట్టేస్తే?

పెద్ద ముక్క కడుపులో చిన్న ముక్క ఉన్నప్పుడు దెబ్బతింటారు. `[1,10]`, `[2,3]`, `[4,5]` అని ఉన్నాయనుకోండి. రెండోది రాగానే చివరను 3 అని తిరగరాస్తే, 3 నుంచి 10 వరకు ఉన్నదంతా పోతుంది. మూడోది 4కు మొదలవుతుంది కనుక విడిపోతుంది. రావలసిన `[1,10]` బదులు `[1,3]`, `[4,5]` వస్తాయి. ఫలితంతో కాకుండా ముడి జాబితాలోని ముందు ముక్కతో పోల్చినా మూడోది ఇలాగే విడిపోతుంది. ఫలితంలోని అతిపెద్ద చివర, ఇచ్చిన డేటాలోని అతిపెద్ద చివర కంటే చిన్నదిగా ఉంటే అనుమానించవలసింది ఈ పంక్తినే.

## అంచులు తాకినప్పుడు

అంచు తాకితే అతివ్యాప్తి అయినట్టా, కానట్టా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెప్పలేము, ఎందుకంటే ఇక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలు ఒకదానిలా కనిపిస్తున్నాయి. "ఈ రెండింటికీ ఉమ్మడిగా ఏమైనా ఉందా?" అన్నది ఒకటి. "ఈ రెండింటి మధ్య ఖాళీ ఉందా?" అన్నది మరొకటి. 6:00–8:15 వరకు ఒక బోరు, 8:15–9:00 వరకు మరో బోరు నడిస్తే వాటికి ఉమ్మడిగా ఒక్క నిమిషం కూడా లేదు, మధ్యలో ఖాళీ కూడా లేదు. మొదటి ప్రశ్నకూ కాదు, రెండో ప్రశ్నకూ కాదు.

కలపడానికి కావలసింది రెండో ప్రశ్న: ఖాళీ లేకపోతే కలపాలి. ఇద్దరికి ఒకే సమయం ఇచ్చామా అని చూడడానికి కావలసింది మొదటి ప్రశ్న: ఉమ్మడి భాగం ఉంటేనే తగాదా. రెండు పనులకూ ఒకే `overlap` ఫంక్షన్ రాసి వాడుకోవడం వల్లనే ఈ గందరగోళమంతా వస్తుందని నా అభిప్రాయం. సమయాల మధ్య సంబంధాలను వర్గీకరించిన జేమ్స్ అలెన్ 1983లో ఇచ్చిన 13 సంబంధాలలో కూడా తాకడం, అతివ్యాప్తి అన్నవి వేరు వేరుగానే ఉన్నాయి.

తాకినవాటిని కలపకపోయినా మొత్తం నిమిషాలు ఒకటే వస్తున్నాయి కదా. మరి తేడా ఏమిటి?

చివర కలవని ఇంటర్వల్స్‌లో మొత్తం ఒకటే వస్తుందన్నది నిజం. మోటారు లెక్కలో `<=` బదులు `<` పెడితే 135, 45, 59, 45 అని నాలుగు ముక్కలు వచ్చి, మొత్తం 284 గానే ఉంటుంది. మారేది ముక్కల సంఖ్య. "నీటి ధార ఎన్నిసార్లు తెగింది?" అని అడిగితే `<=` రెండుసార్లు అంటుంది, `<` మూడుసార్లు అంటుంది, 8:15కి ధార తెగలేదు కనుక రెండోది తప్పు.

ఇంకొక కారణం కూడా ఉంది. అదే నీరు అదే సమయంలో వచ్చినా, ఒకరు 06:00–09:00 అని ఒకే వరుసలో రాసి, మరొకరు 8:15 దగ్గర రెండుగా విరిచి రాశారనుకోండి. తాకినవాటిని కలిపితే ఇద్దరి ఫలితాలూ ఒక్కటే అవుతాయి. కలపకపోతే రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చే వీలు ఉండదు.

చివర కలిసిన లెక్క అయితే?

అప్పుడు మొత్తమే మారుతుంది. ఒక పరికరం "ఈ నిమిషం నుంచి ఈ నిమిషం వరకు, రెండూ కలుపుకొని" అని నమోదు చేస్తుందనుకుందాం. 06:00–08:15, 08:15–09:00 రెండింటిలోనూ 8:15 అనే నిమిషం ఉంది. అవి నిజంగానే అతివ్యాప్తి అయ్యాయి. విడిగా ఉంచి కూడితే ఆ నిమిషం రెండుసార్లు వస్తుంది.

అంతకంటే ముఖ్యమైనది 09:00తో ముగిసేదానికీ 09:01తో మొదలయ్యేదానికీ ఉన్న సంబంధం. తొమ్మిదింటి నిమిషం మొదటిదానిది, దాని పక్క నిమిషం రెండోదానిది; మధ్యలో మరో నిమిషం లేదు. అంచులు సమానం కాకపోయినా ఖాళీ లేదు కనుక కలపాలి. ఈ రకం డేటాకు షరతు ఇలా మారుతుంది:

```python
if out and s <= out[-1][1] + 1:
```

నిడివి కూడా `e - s + 1` అవుతుంది. తొట్టి నమోదులోని ఆరు వరుసలనే ఈ అర్థంతో లెక్కిస్తే 06:00–10:00కు 241, 13:00–13:45కు 46, మొత్తం 287 నిమిషాలు వస్తాయి. చివర కలవదనుకున్నప్పుడు 284. సంఖ్యలు అవే, అర్థం మారితే మూడు నిమిషాలు మారాయి. తేదీలకూ ఇదే సూత్రం: 12 నుంచి 15 వరకు, 16 నుంచి 18 వరకు సెలవులుంటే 12 నుంచి 18 వరకు ఒకే సెలవు.

మరి కల్యాణ మండపం బుకింగ్‌లో తాకితే?

కడపలో ఒక మండపం ఉదయం 6:00 నుంచి మధ్యాహ్నం 2:00 వరకు ఒక పెళ్లికి, 2:00 నుంచి రాత్రి 10:00 వరకు ఒక రిసెప్షన్‌కు ఇచ్చారనుకుందాం. ఇది తగాదా కాదు. తగాదా పరీక్ష `a.start < b.end and b.start < a.end` అని ఉండాలి. ఇక్కడ `<=` పెడితే వెంటవెంటనే వచ్చే ప్రతి బుకింగ్‌నూ ప్రోగ్రాం తిరస్కరిస్తుంది, యజమాని బేరం పోతుంది. ఊడ్చి కడగడానికి గంట వ్యవధి కావాలంటే ఆ గంటను బుకింగ్ చివరకే కలిపి నమోదు చేయండి. గుర్తును మార్చితే ఆ గంట రాదు.

ఆ రోజు మండపం ఎంతసేపు నిండి ఉందని అడిగితే మాత్రం అవే రెండు బుకింగ్‌లను కలిపి 6:00–22:00 అని చెప్పాలి. కలిపిన ఆ జాబితా లెక్కల కోసమే. అసలు బుకింగ్‌ల జాబితాను దానితో తిరగరాస్తే ఏ సమయం ఎవరిదన్నది పోతుంది.

లీట్‌కోడ్‌లో ఒక ప్రశ్నలో కలిపారు, ఇంకో ప్రశ్నలో వేరన్నారు. ఏది సరి?

రెండూ సరే, అడిగింది వేరు. `56. Merge Intervals`లో `[1,4]`, `[4,5]` ఇస్తే `[1,5]` రావాలని ఉదాహరణలోనే ఉంది. `435. Non-overlapping Intervals`లో ఒక బిందువు దగ్గర మాత్రమే తాకే `[1,2]`, `[2,3]` అతివ్యాప్తి కాదని రాసి ఉంది. `452`లో బెలూన్ల అంచు మీద బాణం తగిలినా బెలూన్ పగులుతుంది కనుక తాకడం లెక్కలోకి వస్తుంది. ఇంటర్వ్యూలో ఇలాంటి లెక్క ఇచ్చి అంచు సంగతి చెప్పకపోతే, కోడ్ రాయకముందే అడగండి.

ఒక్క నిమిషం ఖాళీని కూడా కలిపేయవచ్చా? మోటారు ట్రిప్ అయి వెంటనే వేసి ఉంటారు కదా.

కలిపేయవచ్చు, కానీ అది అంచు తాకడం కాదు. మీరు ఖాళీని క్షమిస్తున్నారు. `s <= out[-1][1] + gap` అని రాసి `gap` ఎంతో పైకి కనిపించేలా ఉంచండి. 9:00, 9:01 మధ్య నిమిషాన్ని క్షమిస్తే 06:00–10:00 ఒకే ముక్క అయి మొత్తం 284 బదులు 285 అవుతుంది, నీరు రాని నిమిషం కూడా నీరు వచ్చినట్టు చేరుతుంది. ఒక నిమిషం పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ వోల్టేజీ సరిగా లేని రోజు ఐదేసి నిమిషాల ఖాళీలు ఇరవై ఉంటే వంద నిమిషాలు పెరుగుతాయి. మొత్తం సమయాన్ని క్షమించకముందు లెక్కించి, ఎన్ని విడతలుగా నడిచిందన్నది మాత్రం క్షమించిన తరువాత లెక్కించడం నా పద్ధతి.

సెకన్లు కత్తిరించిన నమోదులో దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. 8:00:10కి ఆగి 8:00:50కి మళ్లీ మొదలైన మోటారు నిమిషాల్లో 8:00, 8:00 అని తాకినట్టు కనిపిస్తుంది. ఆ నలభై సెకన్ల ఖాళీ డేటాలోనే లేదు, కోడ్ దాన్ని తిరిగి తేలేదు.

కాలువ దూరాలు దశాంశాల్లో ఉన్నాయి. తాకవలసినవి తాకడం లేదు, ఎందుకు?

సుంకేశుల నుంచి కడప వైపు సాగే కేసీ కాలువ మీద మరమ్మతు ముక్కలను కిలోమీటర్లలో రాశారనుకుందాం. ఒక ముక్క 0.3 దగ్గర ముగిసింది. తరువాతి ముక్క మొదలును 0.1, 0.2 కూడి లెక్కించారు. కంప్యూటర్‌లో `0.1 + 0.2` విలువ `0.30000000000000004`. అది `0.3` కంటే పెద్దది కనుక `<=` అబద్ధమై, లేని ఖాళీ ఒకటి పుడుతుంది. దూరాలను మీటర్లలో పూర్ణ సంఖ్యలుగా, డబ్బును పైసలుగా, సమయాన్ని సెకన్లుగా ఉంచుకుంటే సమానత్వం నమ్మదగినదిగా ఉంటుంది.

నేను మొదలుకు +1, చివరకు −1 వేసి లెక్కిస్తాను. అందులో `<=` లేదు కదా, ఈ సమస్య ఎక్కడికి పోయింది?

సార్ట్ లోపలికి పోయింది. ప్రతి అంచునూ ఒక ఘటనగా రాసి, క్రమంలో చదువుతూ ఎన్ని నడుస్తున్నాయో లెక్కపెట్టే పద్ధతి ఇది:

```python
events = []
for s, e in intervals:
    events.append((s, +1))
    events.append((e, -1))
events.sort()
```

8:15కి ఒకటి ఆగి మరొకటి మొదలైతే, ఈ సార్ట్‌లో `(495, -1)` ముందు, `(495, +1)` తరువాత వస్తాయి. లెక్క ఒక్క క్షణం సున్నాకు దిగుతుంది, అక్కడ ముక్క తెగినట్టు నమోదవుతుంది. కలపడమే మీ పని అయితే మొదళ్లు ముందు రావాలి: `events.sort(key=lambda x: (x[0], -x[1]))`.

ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒకేసారి గరిష్ఠంగా ఎన్ని మోటార్ల భారం పడిందని చూడాలంటే మాత్రం చివరలే ముందు రావాలి. లేకపోతే ఒకటి ఆపి మరొకటి వేసిన చోట రెండూ కలిసి నడిచినట్టు లేని భారం కనిపిస్తుంది.

## ఫలితం వచ్చాక

ఇదంతా డేటాబేస్‌లోనే చేయవచ్చా?

పోస్ట్‌గ్రెస్‌లో చేయవచ్చు. అందులో ఇంటర్వల్స్‌కు రేంజ్ అనే రకం ఉంది. 14వ వెర్షన్ నుంచి `range_agg` అతివ్యాప్తి అయినవాటినీ తాకినవాటినీ కలిపి ఇస్తుంది. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఉమ్మడి భాగం ఉందా అని అడగడానికి `&&`, ఖాళీ లేకుండా పక్కపక్కనే ఉన్నాయా అని అడగడానికి `-|-` అని రెండు వేరు గుర్తులు పెట్టారు. `daterange('2024-01-12', '2024-01-15', '[]')` అని చివర కలిపి ఇచ్చినా, అది తనంతట తాను `[2024-01-12,2024-01-16)`గా మార్చుకుంటుంది. తేదీల దగ్గర +1 మరచిపోయే ప్రమాదం అలా తప్పుతుంది.

నా కోడ్ సరైనదని ఎలా తేల్చుకోవాలి?

చిన్న సంఖ్యల మీద గళ్లు నింపి చూడండి. 0 నుంచి 12 వరకు గళ్లు గీసి, చివర కలవని `[s, e)`కు `s` నుంచి `e - 1` వరకు, చివర కలిసిన `[s, e]`కు `s` నుంచి `e` వరకు గళ్లను నింపండి. నిండిన గళ్ల వరుసలను ఎడమ నుంచి చదివితే కలిపిన ఫలితం అదే. ఈ పద్ధతిలో పోలిక గుర్తే లేదు కనుక, `<`, `<=`, `+ 1`లలో మీరు తప్పు ఎంచుకుంటే ఇక్కడ బయటపడుతుంది. యాదృచ్ఛికంగా కొన్ని వేల జాబితాలు పుట్టించి రెండు ఫలితాలనూ పోల్చండి. సంఖ్యలు చిన్నవిగా ఉంటేనే అంచులు తరచూ తాకుతాయి, లక్షల్లో ఎంచుకుంటే దాదాపుగా తాకవు.

చివర కలవని లెక్కలో `[5,5)` ఒక్క గడిని కూడా నింపదు, కానీ పై కోడ్ దాన్ని ఒక ముక్కగా ఫలితంలో ఉంచవచ్చు. పోలిక అక్కడ తేడా చూపిస్తే కంగారుపడవద్దు. అలాంటి ముక్కలను సార్ట్‌కు ముందే తీసివేసి మళ్లీ నడపండి.